జమ, ఖర్చు, నిల్వ: సిలిండర్‌లోని గాలి లెక్క



గత పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి తన కూతురి ఫిజిక్స్ జవాబు పత్రం తెచ్చి నా ముందు పెట్టారు. ఆయనకు హోల్‌సేల్ బియ్యం దుకాణం ఉంది. "సార్, నాకు ఫిజిక్స్ రాదు. కానీ మా పాప రాసిన సూత్రాలన్నిటికీ మీరే టిక్కులు పెట్టారు. మరి ఐదుకి మూడు మార్కులే ఎందుకు వేశారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పడానికి పదిహేను నిమిషాలు పట్టింది. చివరికి తప్పు ఎక్కడుందో నేను చూపించలేదు, ఆయనే పట్టుకున్నారు. ఆ పదిహేను నిమిషాల సంభాషణనే ఈ నెల మీ ముందు పెడుతున్నాను. పదకొండో తరగతి పిల్లలు ఇప్పుడు చదువుతున్న ఉష్ణగతికశాస్త్రం చాప్టర్‌కు ఇది తాళంచెవి లాంటిది.

ప్రశ్న ఇది. పిస్టన్ ఉన్న సిలిండర్‌లో 200 కిలోపాస్కల్ పీడనం, 1 లీటరు ఘనపరిమాణం, 300 కెల్విన్ ఉష్ణోగ్రత వద్ద గాలి ఉంది. మొదట పీడనం మారకుండా అది 2 లీటర్లకు వ్యాకోచించింది. తర్వాత ఘనపరిమాణం మారకుండా మళ్లీ 300 కెల్విన్‌కు చల్లబడింది. చివరికి ఉష్ణోగ్రత మారకుండా 1 లీటరుకు కుదించుకుని మొదటి స్థితికి వచ్చింది. మొత్తం మీద గాలి చేసిన పని ఎంత? గ్రహించిన నికర ఉష్ణం ఎంత?

పాప జవాబు: పని 339 జౌళ్లు, ఉష్ణం 61 జౌళ్లు. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తప్పు జరిగిందని చెప్పడానికి ఆ రెండు అంకెలే చాలు. ఎలాగో చూద్దాం.

మూడు పద్దులు

ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమం పేరు పెద్దది గానీ విషయం దుకాణం లెక్కే. సిలిండర్‌లోని గాలికి ఒక ఖాతా ఉందనుకోండి. బయటి నుంచి గాలిలోకి వచ్చే ఉష్ణం జమ. పిస్టన్‌ను బయటికి నెడుతూ గాలి చేసే పని ఖర్చు. గాలి తన దగ్గర దాచుకున్న శక్తి నిల్వ. దీన్నే పుస్తకం అంతరిక శక్తి అంటుంది. జమలో నుంచి ఖర్చు తీసేస్తే వచ్చేది నిల్వలో మార్పు. నియమం ఇంతే. పిల్లల పుస్తకంలో దాన్ని ఇలా రాస్తారు:

ΔU = Q − W

ఇందులో Q జమ, W ఖర్చు, ΔU నిల్వలో మార్పు. ఉష్ణం బయటికి పోతే Q మైనస్ అవుతుంది. బయటివాళ్లు పిస్టన్‌ను లోపలికి నొక్కితే W మైనస్ అవుతుంది. అప్పుడు ఖర్చు పెట్టింది గాలి కాదు, దాని మీద ఖర్చు పెట్టింది మరొకరు.

నిల్వ గురించి ఒక్క మాట గుర్తుంచుకోవాలి. పుస్తకంలో చెప్పే ఆదర్శ వాయువుకు నిల్వ ఉష్ణోగ్రత మీద మాత్రమే ఆధారపడుతుంది. 300 కెల్విన్ దగ్గర ఉన్న గాలికి ఒక నిల్వ ఉంటుంది. ఆ గాలి ఏ దారిలో అక్కడికి చేరినా ఆ నిల్వ మారదు. మన గాలికి ఈ నిల్వను లెక్కకట్టడం తేలిక. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి, దాన్ని మళ్లీ రెండున్నరతో గుణిస్తే చాలు. కిలోపాస్కల్‌ను లీటరుతో గుణిస్తే నేరుగా జౌళ్లే వస్తాయి. కాబట్టి మొదట్లో నిల్వ 2.5 × 200 × 1, అంటే 500 జౌళ్లు. గాలిలో దాదాపు అంతా రెండేసి పరమాణువులున్న అణువులే కాబట్టి రెండున్నర వచ్చింది. నిజమైన గాలి బాగా వేడెక్కితే ఈ అంకె కాస్త పెరుగుతుంది. పరీక్షలో దాన్ని స్థిరంగానే తీసుకుంటారు.

గ్రాఫ్ కాగితం మీద ఖర్చు ఎక్కడ కనిపిస్తుంది

పీడనం-ఘనపరిమాణం గ్రాఫ్‌లో అడ్డంగా లీటర్లు, నిలువుగా కిలోపాస్కల్‌లు ఉంటాయి. గాలి ఏ క్షణంలో ఎలా ఉందో ఒక చుక్క చెబుతుంది. అది ఒక స్థితి నుంచి మరో స్థితికి వెళ్లిన దారిని గీత చెబుతుంది.

గీత కింద, అడుగున ఉన్న అక్షం వరకూ ఉండే వైశాల్యమే గాలి చేసిన పని. పిల్లలు దీన్ని బట్టీ పడతారు గానీ కారణం సులువే. పిస్టన్ మీద గాలి నెట్టే బలం అంటే పీడనం ఇంటూ పిస్టన్ వైశాల్యం. బలాన్ని కదిలిన దూరంతో గుణిస్తే పని. పిస్టన్ వైశాల్యాన్ని కదిలిన దూరంతో గుణిస్తే ఎంత ఘనపరిమాణం పెరిగిందో అది. కాబట్టి పని అంటే పీడనం ఇంటూ పెరిగిన ఘనపరిమాణం. గ్రాఫ్ మీద నిలువును అడ్డంతో గుణిస్తే వచ్చేది వైశాల్యమే కదా.

గీత ఎడమ నుంచి కుడికి వెళ్తే గాలి వ్యాకోచిస్తోంది, పని ప్లస్. కుడి నుంచి ఎడమకు వస్తే గాలిని ఎవరో నొక్కుతున్నారు, పని మైనస్. గీత మీద బాణం గుర్తు ఎందుకు పెట్టమంటామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బాణం లేని గీత, జమో ఖర్చో రాయని పద్దు ఒకటే.

ఇప్పుడు అదే మొదటి చుక్క నుంచి నాలుగు దారుల్లో బయలుదేరదాం. ప్రతి దారిలోనూ అడగాల్సింది ఒక్కటే: మూడు పద్దుల్లో సున్నా ఏది?

మొదటి దారి: ఘనపరిమాణం మారదు (ఐసోకోరిక్)

పిస్టన్‌కు బోల్టు బిగించేశాం. కింద మంట పెట్టి గాలిని 300 నుంచి 600 కెల్విన్‌కు వేడి చేశాం. ఉష్ణోగ్రత రెట్టింపైంది, కదలడానికి చోటు లేదు కాబట్టి పీడనం కూడా రెట్టింపై 400 కిలోపాస్కల్‌కు చేరుతుంది. గ్రాఫ్ మీద ఇది నిలువు గీత. నిలువు గీత కింద వైశాల్యం ఉండదు. ఖర్చు సున్నా.

నిల్వ 500 నుంచి 1000 జౌళ్లకు పెరిగింది. ఖర్చు లేదు కాబట్టి ఆ 500 జౌళ్లూ జమగా వచ్చినవే. పెట్టిన ఉష్ణం మొత్తం నిల్వలోకే చేరింది.

రెండో దారి: పీడనం మారదు (ఐసోబారిక్)

ఇప్పుడు బోల్టు తీసేసి పిస్టన్ మీద ఒక బరువు పెట్టాం. బరువు మారదు కాబట్టి గాలి పీడనం కూడా 200 దగ్గరే నిలుస్తుంది. మళ్లీ 600 కెల్విన్ వరకు వేడి చేశాం. ఈసారి గాలి 2 లీటర్లకు వ్యాకోచించింది. గ్రాఫ్ మీద ఇది అడ్డ గీత. దాని కింద 200 ఎత్తు, 1 లీటరు వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. ఖర్చు 200 జౌళ్లు.

మరి నిల్వ? ఇక్కడే చాలామంది పిల్లలు జారిపోతారు. ఉష్ణోగ్రత మొదటి దారిలో లాగే 600కు చేరింది. కాబట్టి నిల్వలో మార్పు కూడా అదే 500. పీడనం స్థిరంగా ఉంచామని నిల్వకు తెలియదు, దానికి తెలిసింది ఉష్ణోగ్రత ఒక్కటే. నిల్వ 500 పెరగాలి, పైగా 200 ఖర్చు పెట్టాలి. కాబట్టి 700 జౌళ్ల ఉష్ణం జమ కావాలి.

అదే గాలిని అంతే ఉష్ణోగ్రతకు చేర్చడానికి ఒకసారి 500, మరోసారి 700. రెంటి నిష్పత్తి 1.4. పిల్లల పుస్తకంలో గామా అనే గ్రీకు అక్షరంతో కనిపించే అంకె ఇదే. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. బరువును పైకి లేపినందుకు కట్టిన అదనపు మూల్యం అది.

మూడో దారి: ఉష్ణోగ్రత మారదు (ఐసోథర్మల్)

సిలిండర్‌ను 300 కెల్విన్ దగ్గరే ఉండే పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, పిస్టన్ మీది బరువును కొద్దికొద్దిగా తగ్గించాం. గాలి నిదానంగా 2 లీటర్లకు వ్యాకోచించింది. ఉష్ణోగ్రత మారలేదు కాబట్టి నిల్వలో మార్పు సున్నా. ఎంత ఖర్చు పెట్టిందో అంత జమ తొట్టిలోని నీళ్ల నుంచి వచ్చింది.

ఖర్చు ఎంత? ఘనపరిమాణం రెట్టింపైతే పీడనం సగమై 100కు దిగుతుంది. కానీ మధ్యలో గీత తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది. పుస్తకంలో దీనికి సంవర్గమానంతో సూత్రం ఉంది: 200 × 0.693, సుమారు 139 జౌళ్లు. సూత్రం మరిచిపోయినా పర్వాలేదు. 1, 1.25, 1.5, 1.75, 2 లీటర్ల దగ్గర పీడనాలు వరుసగా 200, 160, 133, 114, 100. పక్కపక్కనున్న రెండు పీడనాల సగటు తీసి 0.25తో గుణిస్తే నాలుగు పట్టీల వైశాల్యాలు వస్తాయి: సుమారు 45, 37, 31, 27. కలిపితే 140. వంపు గీత బదులు తిన్నటి గీతలు వాడాం కాబట్టి ఒక జౌల్ ఎక్కువొచ్చింది. వంపు ఆ తిన్నటి గీతల కింద ఉంటుంది.

నాలుగో దారి: ఉష్ణం రాదు, పోదు (అడియాబాటిక్)

సిలిండర్ చుట్టూ మందపాటి థర్మోకోల్ చుట్టేశాం. జమ సున్నా. గాలి మళ్లీ 2 లీటర్లకు వ్యాకోచించాలి. జమ లేకుండా ఖర్చు పెట్టాలంటే నిల్వ కరగాల్సిందే. నిల్వ కరిగిందంటే ఉష్ణోగ్రత పడిపోతుంది.

లెక్క చేస్తే 2 లీటర్ల దగ్గర పీడనం సుమారు 76 కిలోపాస్కల్, ఉష్ణోగ్రత సుమారు 227 కెల్విన్. అంటే సున్నా కింద 46 డిగ్రీల సెల్సియస్. నిల్వ 500 నుంచి 379కి దిగింది. తగ్గిన 121 జౌళ్లే ఖర్చు. ఐసోథర్మల్ గీత 100 దగ్గర ఆగితే ఇది 76 దాకా దిగింది. అడియాబాటిక్ గీత ఎప్పుడూ ఎక్కువ నిటారుగా దిగుతుందని పుస్తకం చెప్పేది ఇందుకే. ఐసోథర్మల్‌లో పీడనం తగ్గడానికి కారణం ఒక్కటే, చోటు పెరగడం. ఇక్కడ చోటు పెరగడంతో పాటు గాలి చల్లబడుతుంది కూడా.

ఇదే తిరగేస్తే సైకిల్ పంపు. వేగంగా కొడితే లోపలి గాలికి ఉష్ణాన్ని బయటికి పంపే తీరిక ఉండదు. మనం చేసిన పని దాని నిల్వలో చేరి గాలి వేడెక్కుతుంది. 300 కెల్విన్ గాలిని ఉష్ణం బయటికి పోనివ్వకుండా సగానికి నొక్కితే లెక్క ప్రకారం 396 కెల్విన్, అంటే 123 డిగ్రీల సెల్సియస్ అవుతుంది. నిజం పంపులో గొట్టం కొంత ఉష్ణాన్ని లాగేసుకుంటుంది కాబట్టి అంత రాదు. అయినా గాలి నొక్కుకునే చివర వేడెక్కడం చేతికి తెలుస్తుంది. ఇదంతా రాపిడి వల్లే అయితే పిస్టన్ తిరిగే గొట్టం అంతటా ఒకేలా వేడెక్కాలి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ అక్కర్లేకపోవడానికి కారణం కూడా ఇదే. గాలిని గట్టిగా నొక్కడంతోనే డీజిల్ అంటుకునేంత వేడి పుడుతుంది.

'వేడి' అనే మాట తెచ్చే చిక్కు

మూడు, నాలుగు దారులను పిల్లలు తారుమారు చేయడానికి ఒక కారణం మన భాషలోనే ఉంది. "పాలు వేడిగా ఉన్నాయి" అన్నప్పుడు వేడి అంటే ఉష్ణోగ్రత. "పాలకు ఇంకాస్త వేడి తగలాలి" అన్నప్పుడు వేడి అంటే ఉష్ణం. మాట ఒకటే, పద్దులు వేరు. దానికి తోడు తెలుగు పుస్తకాల్లో అడియాబాటిక్‌ను స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. ఐసోథర్మల్‌ను సమోష్ణోగ్రతా ప్రక్రియ అంటారు. స్థిరోష్ణకం అని చూడగానే "ఉష్ణోగ్రత స్థిరం" అనుకుని లెక్క మొదలుపెట్టే పిల్లలున్నారు. అక్కడ స్థిరంగా ఉన్నది ఉష్ణం. ఉష్ణోగ్రత మాత్రం మారుతుంది.

ఐసోథర్మల్‌లో ఉష్ణం లోపలికి వస్తూనే ఉంటుంది, అయినా గాలి వేడెక్కదు. అడియాబాటిక్‌లో పిసరంత ఉష్ణం రాకపోయినా గాలి వేడెక్కొచ్చు, చల్లబడొచ్చు. ఈ రెండు వాక్యాల్ని తడబడకుండా చెప్పగలిగితే మీ అబ్బాయికో అమ్మాయికో చాప్టర్‌లో సగం వచ్చినట్టే.

ఇప్పుడు పాప లెక్క

ఇక్కడి దాకా విన్నాక ఆ తండ్రి జేబులోంచి పెన్ను తీశారు. ముగ్గురం కలిసి ఆయన చిట్టా పుస్తకం తరహాలోనే పట్టిక గీశాం. అన్నీ జౌళ్లలో:

| దశ | జమ (Q) | ఖర్చు (W) | నిల్వలో మార్పు (ΔU) |
|---|---|---|---|
| పీడనం మారకుండా 2 లీటర్లకు వ్యాకోచం | +700 | +200 | +500 |
| ఘనపరిమాణం మారకుండా 300 కెల్విన్‌కు చల్లబడడం | −500 | 0 | −500 |
| ఉష్ణోగ్రత మారకుండా 1 లీటరుకు కుదింపు | −139 | −139 | 0 |
| మొత్తం | +61 | +61 | 0 |

మొదటి దశ మన రెండో దారే. రెండో దశలో గాలి 600 నుంచి 300 కెల్విన్‌కు దిగింది కాబట్టి నిల్వలో 500 తగ్గింది. పిస్టన్ కదల్లేదు కాబట్టి ఆ 500 మొత్తం ఉష్ణంగా బయటికి పోయింది. మూడో దశ మన మూడో దారిని వెనక్కి నడవడం. గాలిని మనం నొక్కాం, ఆ 139 జౌళ్లు ఉష్ణంగా నీళ్ల తొట్టిలోకి పోయాయి.

పాప పత్రంలో జమ వరుస అంతా సరిగ్గానే ఉంది. ఖర్చు వరుసలో మూడో అంకెకు మైనస్ లేదు. 200కు 139 కలిపి 339 అని రాసింది.

ఈ పట్టిక గీయకముందే ఆయనను నేను ఒక్క ప్రశ్న అడిగాను. గాలి బయలుదేరిన చోటికే తిరిగొచ్చింది. ఉష్ణోగ్రత మొదటిదే, కాబట్టి నిల్వ కూడా మొదటిదే. అప్పుడు మొత్తం జమకూ మొత్తం ఖర్చుకూ సంబంధం ఏమిటి? ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సమానం కావాలి సార్. మరి ఇక్కడ జమ 61, ఖర్చు 339. తేడా 278 వచ్చింది." అంతటితో ఆగలేదు. 278ని సగం చేసి 139 అని పక్కన రాశారు. "మా దుకాణంలో లెక్క తేలకపోతే మొదట తేడాను సగం చేసి చూస్తాం. ఆ అంకె ఉన్న పద్దు తప్పు వైపు పడి ఉంటుంది," అంటూ వేలు తిన్నగా మూడో దశ మీద పెట్టారు. పక్కన నిలబడ్డ పాప నవ్వాపుకోలేకపోయింది. "నాన్నా, పరీక్ష హాల్లో ఇది తెలిసి ఉంటే ఐదు వచ్చేవి," అంది.

రెండు మార్కులు అందుకే పోయాయి. గుర్తు తప్పితే జవాబు తప్పు. అయితే ఇది తెలియక చేసిన తప్పు కాదు, సరిచూసుకోకపోవడం వల్ల మిగిలిపోయిన తప్పు. చక్రీయ ప్రక్రియ అని ప్రశ్నలో కనిపిస్తే మొత్తం ఉష్ణం, మొత్తం పని సమానం కావాలి. గ్రాఫ్‌లో చూస్తే ఆ 61 జౌళ్లు మూడు గీతల మధ్య మూసుకుపోయిన చోటి వైశాల్యం. బాణాలు గడియారం ముళ్లు తిరిగే దిక్కున ఉంటే నికర పని ప్లస్, ఎదురు దిక్కున ఉంటే మైనస్. పాప చెప్పిన 339, ఆ చిన్న మూసిన చోటి కంటే చాలా పెద్దది. మొదటి దశ కింద ఉన్న మొత్తం దీర్ఘచతురస్రమే 200 కదా! గ్రాఫ్ వంక ఒకసారి చూసినా అనుమానం రావాల్సిందే.

మరో రెండు చోట్ల జాగ్రత్త

మొదటిది, కెమిస్ట్రీ. అదే పదకొండో తరగతిలో కెమిస్ట్రీ పుస్తకం ఇదే నియమాన్ని ΔU = q + w అని రాస్తుంది. రెండు పుస్తకాల్లో ఏదీ తప్పు కాదు. ఫిజిక్స్‌లో W అంటే గాలి చేసిన పని. కెమిస్ట్రీలో w అంటే గాలి మీద చేసిన పని. మన రెండో దారిలో ఫిజిక్స్ పత్రంలో పని +200 అయితే, కెమిస్ట్రీ పత్రంలో −200. రెండింట్లోనూ నిల్వలో మార్పు +500 అనే వస్తుంది. ఒక సబ్జెక్టు గుర్తును ఇంకో సబ్జెక్టు సూత్రంలో పెడితే మాత్రం 900 వస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందు జవాబు పత్రంలో "W: వాయువు చేసిన పని" అని ఒక్క ముక్క రాసుకోమనండి.

రెండోది, హఠాత్తుగా జరిగే వ్యాకోచం. థర్మోకోల్ చుట్టిన గట్టి పెట్టెను మధ్యలో అడ్డుగోడతో రెండుగా విభజించారనుకోండి. ఒక వైపు గాలి, రెండో వైపు శూన్యం. అడ్డుగోడ తీసేస్తే గాలి ఒక్కసారిగా రెండో వైపుకు పరుగెత్తుతుంది. ఉష్ణం రాలేదు, పోలేదు, కాబట్టి ఇది అడియాబాటిక్ అనీ, గాలి 227 కెల్విన్‌కు చల్లబడుతుందనీ పిల్లలు రాసేస్తారు. కానీ ఆ గాలి దేన్నీ నెట్టలేదు. ఎదురుగా పిస్టన్ లేదు. ఖర్చు సున్నా, జమ సున్నా, కాబట్టి నిల్వలో మార్పూ సున్నా. ఆదర్శ వాయువు ఉష్ణోగ్రత 300 దగ్గరే ఉంటుంది.

పైగా ఈ ప్రక్రియకు గ్రాఫ్ మీద గీతే లేదు. గాలి పరుగెత్తుతున్న ఆ క్షణాల్లో ఒక మూల ఒక పీడనం, ఇంకో మూల ఇంకో పీడనం. మొత్తం గాలికి ఒకే పీడనం అంటూ లేనప్పుడు చుక్క ఎక్కడ పెడతాం? మొదటి చుక్క, చివరి చుక్క మాత్రమే పెట్టగలం. పుస్తకంలోని అడియాబాటిక్ సూత్రం చెల్లాలంటే పిస్టన్ గాలిని ఎదిరిస్తూ, ప్రతి క్షణం లోపలి పీడనం అంతటా ఒకేలా ఉండేంత నిదానంగా కదలాలి. ప్రశ్నలో "శూన్యంలోకి", "హఠాత్తుగా" అనే మాటలు కనిపిస్తే గీత గీయడం ఆపి నేరుగా మూడు పద్దుల దగ్గరికి రావాలి.

ఈ నెల ఇంట్లో

మీ పిల్లల నోట్‌బుక్‌లో ఉష్ణగతికశాస్త్రం లెక్క ఒకటి తీయమనండి. సూత్రాలు అడగకండి. ఒక్కో దశకు మూడు ప్రశ్నలు వేయండి: జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత మారింది? మూడింటిలో సున్నా ఏదో వాళ్లు వెంటనే చెప్పాలి. పిస్టన్ కదలకపోతే ఖర్చు సున్నా. ఉష్ణోగ్రత మారకపోతే నిల్వలో మార్పు సున్నా. ఉష్ణానికి దారి మూసేస్తే జమ సున్నా. పీడనం స్థిరంగా ఉంటే మూడు పద్దుల్లో దేనికీ సున్నా ఉండదు. అందుకే ఆ దశలో తప్పులు ఎక్కువ.

చివరికి ప్రతి అడ్డు వరుసలో జమ నుంచి ఖర్చు తీసి నిల్వలో మార్పుతో సరిచూడండి. గాలి బయలుదేరిన చోటికే వస్తే కింది మొత్తాలు కూడా సరిచూడండి. తేడా వస్తే సగం చేయండి.

ఆ తండ్రి వెళ్తూ వెళ్తూ పట్టిక ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన యూనిట్ టెస్ట్‌లో ఆ పాప లెక్క కింద చిన్న అక్షరాలతో "జమ = ఖర్చు, సరి" అని రాసి ఉంది. మార్కులు వేసే కాలమ్‌లో దాని కోసం ప్రత్యేకంగా ఏమీ లేదు. అయినా ఆ వాక్యానికి ఒక టిక్కు పెట్టాను.

ఫిజిక్స్ విభాగం